పో అని రాస్తే పోతారా?

మా ఇంట్లో మర్యాదగా మాట్లాడారంటే కోపమొచ్చిందని లెక్క. మా అమ్మ నాయనను "ఏం మనిషివప్పా నువ్వు, కడుపు కాలడంల్యా? రా, తిను" అని గసిరిందంటే ఆ పూట ఇల్లు చల్లగా ఉన్నట్టు. అదే అమ్మ గడప దగ్గర నిలబడి "భోజనానికి రండి" అన్న రోజు నాయన నోరు మూసుకుని తిని, నోరు మూసుకునే మగ్గాల కాడికి పోయేవాడు. ధర్మవరంలో మా వీధి వీధంతా ఇంతే. ఇష్టమైనవాళ్ళను తిడతాం, పడనివాళ్ళను పొగుడుతాం. ఇందులో చిక్కేముందో నాకు ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా తెలియలేదు. తెలిసినప్పుడు మాత్రం నా నెత్తి మీదే పిడుగు పడింది.

అతని సంబంధం గోదావరి పక్కనుంచి వచ్చింది. మా కులపోళ్ళే. వాళ్ళ తాత కాలంలోనే మగ్గం వదిలేసి చదువుల్లోకి పోయారు. అతని ఉద్యోగం మాత్రం మా జిల్లాలోనే, వజ్రకరూరు పక్క గాలిమరల మరమ్మతు. అందుకే నాయన ఒప్పుకున్నాడు, అందుకే నేనూ ఒప్పుకున్నాను. చీరలకు డిజైన్లు గీసేది నేను, వాటి ఫోటోలు తీసి కొనేవాళ్ళకు పంపేది నేను. ఈ పని వదిలి ఇంకో ఊరికి కాపురానికి పోనని సంబంధాలు చూడటం మొదలుపెట్టిన రోజే చెప్పేశాను. ఈడనే ఉద్యోగమున్న పిల్లోడు దొరికాడని నాయన పొంగిపోయాడు.

పెళ్ళిచూపులకు అతనూ, అతని అక్కా వచ్చారు. తల్లి పోయాక తమ్ముడిని పెంచింది ఆవిడే, మాట ఖాయం చెయ్యవలసిందీ ఆవిడే. ఆ రోజు గాభరాలో కాఫీలో చక్కెర వెయ్యడం మరిచిపోయాను. అతను గ్లాసు ఖాళీ చేసి "కాఫీ చాలా బాగుందండి" అన్నాడు. అంత చేదు మింగి ముఖం కూడా చిట్లించలేదు. నాకు అక్కడే నచ్చేశాడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఉన్నది చెప్పని మనిషని ఆ కాఫీ గ్లాసే చెప్పింది, నేను వినలేదు.

తాంబూలాలకు మంచి నెల రావాలన్నారు. అంతవరకు ఫోన్లో మాట్లాడుకోండన్నారు. మాట్లాడుకోవడం యాడ కుదురుతుంది? మా ఇంట్లో పొద్దున నుంచి సాయంత్రం దాకా మగ్గాల చప్పుడు. అది ఆగిందంటే నాయన చెవి నా వైపే. గాలిమర కింద అతనికి గాలి హోరు, గదికి పోతే నలుగురు తోటి ఉద్యోగులు. ఒకసారి గొంతు రికార్డు చేసి పంపాను. ఠకఠకలు తప్ప ఏమీ వినబడలేదని రాశాడు. ఇంక మెసేజీలే దిక్కు. నేతగాళ్ళు మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు ఇంటి ముందరున్న మా చీరల అంగడి అరుగు మీద కూర్చుని టైపు చేసేదాన్ని.

మొదట్లో ఒకసారి "అక్కడ వాతావరణం ఎలా ఉందండి?" అని అడిగాడు. అనంతపురంలో ఎండాకాలం వాతావరణం అడిగేవాణ్ణి ఏమనాలి? ఆకాశం చూసి చూసి మా మెడలు పడిపోయిన ఏడాది అది. "అయ్యో, ఏం చెప్పమంటావు! వాన దంచి కొడతాండాది. వీధిలో పడవలేసుకుని తిరుగుతాండాము. నాయన ఆదివారం భోజనానికి పిలిచినాడు కదా, గొడుగు తెచ్చుకో" అని కొట్టాను. ఆదివారం నిప్పులు చెరిగే ఎండలో గొడుగు చంకన పెట్టుకుని దిగాడు మహానుభావుడు. వాళ్ళ ఊర్లో వరదొస్తే నిజంగానే వీధుల్లో పడవలేస్తారంట. అతనికి అందులో నవ్వేమీ కనబడలేదు, పాపం ఎంత ఇబ్బంది పడుతున్నారో అనుకున్నాడంట. నాయన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, "బాగ నమ్మినావప్పా! ఈ పిల్ల నోట్లోనుంచి వచ్చింది తిరగేసి చూసుకోవాల" అన్నాడు.

ఆ మాట నేను కూడా పట్టుకున్నాను. "నేను తిడితే ఇష్టమని, పొగిడితే తిట్టినానని. గుర్తు పెట్టుకో" అని రాశాను. "అర్థమైందండి" అన్నాడు. చదువుకున్నవాడు కదా, సూత్రం బట్టీ పట్టాడు. దాంతో ఉన్న తలనొప్పి కాస్తా రెండింతలైంది.

ఎట్లంటారా, ఒకరోజు నాకు నిజంగానే జ్వరం. "ఒళ్ళు కాలిపోతాండాది, లేవలేకుండా ఉండాను" అని రాశాను. పళ్ళన్నీ కనబడేలా నవ్వే బొమ్మ పెట్టి, "తిరగేసి చదివానండి. అంటే హుషారుగా ఉన్నారన్నమాట" అని జవాబు! నాకు తిక్క రేగింది. మా ఇంటి పద్ధతిలోనే కోపం చూపించాను. "మీరు చాలా మంచివారండి. మీలాంటివారు దొరకడం నా అదృష్టం" అని రాశాను. మా వీధిలో ఇంత మాట అంటే అవతలివాడు పది రోజులు ముఖం చూపించడు. పొగడ్త కాడికి వచ్చేసరికి అతను సూత్రం మరిచిపోయి మురిసిపోయాడు. మొదటిసారి మీరు అన్నానని, మనసు విప్పానని, ఆ మెసేజీ దాచుకున్నాడంట. జ్వరాన్ని ఎగతాళి అనుకున్నాడు, ఎగతాళిని ముద్దు అనుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా నయమే, ఊదినట్టన్నా కనబడుతుంది.

తప్పు సూత్రంలోనే ఉంది. నోటితో అంటే తిరగెయ్యవలసిన మాట ఏదో, ఉన్నదున్నట్టు తీసుకోవలసింది ఏదో గొంతే చెబుతుంది. "అబ్బో" అని సాగదీస్తాను, చివర పైకి లేపుతాను, కన్ను అతని మీదే ఉంటుంది, పెదవి ఒక పక్కకు వంగుతుంది. అంతా కలిపితే ఎగతాళి అని పసిపిల్లకు కూడా తెలుస్తుంది. ఫోన్లో అవేమీ పోవు. ఉత్త అక్షరాలు పోతాయి. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూనే ఉంటుంది కాబట్టి అది కూడా అక్షరాలతో పాటు పోయిందని మనం అనుకుంటాం. అవతలివాడు ఆ అక్షరాలకు తన దగ్గరున్న గొంతు తగిలించుకుని చదువుతాడు. అలసిపోయి ఉంటే అలసట గొంతు, భయపడి ఉంటే భయం గొంతు. మా అంగట్లో నెమలికంఠం చీర ఇట్లాంటిదే. నిలువు పోగు నీలం, అడ్డం పోగు పచ్చ, చేత్తో కదిపితేనే రెండు రంగులూ ఆడతాయి. ఫోటోలో ఒక రంగే పడుతుంది, అదీ ఏది పడుతుందో మన చేతిలో లేదు. ఆ చీరకు ఫోటో అడగొద్దని కొనేవాళ్ళకు గట్టిగా చెప్పేదాన్ని, నా మాటలు మాత్రం రోజూ ఫోన్లో పంపుతూనే ఉన్నాను.

తాంబూలాలకు రోజు పెట్టుకున్న వారం అతని దగ్గరనుంచి మెసేజీ వచ్చింది. "మా ఊరి దగ్గర ఖాళీ వచ్చిందండి. వెళతావా అని ఆఫీసులో అడిగారు. వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?"

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. సొంత ఊరు, సొంత నీళ్ళు వదులుకుని నా కోసం ఈ ఎండలో ఉంటానంటున్నాడు. కళ్ళు చెమర్చాయి. చుట్టూ చీరలు బేరం చేసే ఆడవాళ్ళు. సంతోషమైతే మేము ఏం చేస్తామో అదే చేశాను. "అబ్బో, మహా త్యాగమే! మాకోసం అంత కష్టపడొద్దు సామీ. పోప్పా, పో. మీ ఊరికే పో. కొబ్బరినీళ్ళు తాక్కుంటా సుఖంగా ఉండు. ఈడ నీకోసం ఎవరూ కాచుకోని లేరు." చివర చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. మా పక్క ఆ దండం అంటే "నీతో పడలేనప్పా నాయనా" అని ముద్దుగా విసుక్కోవడం.

అతను అది ఎట్లా చదివాడో తర్వాత చెప్పాడు. గాలిమర స్తంభం ఎక్కి దిగి, చెమటతో, తల తిరుగుతుంటే ఫోన్ తీశాడంట. మొదటి మాట "అబ్బో" దగ్గరే ఆగిపోయాడంట. వాళ్ళ ఇంట్లో ఆ మాట అనేది అక్క, అదీ ఈసడించినప్పుడు. నా మాటలన్నీ అక్క గొంతులో వినబడ్డాయి. సూత్రం గుర్తొచ్చి తిరగేశాడు. "పో" తిరగేస్తే "ఉండు". బాగానే ఉంది. "సుఖంగా ఉండు" తిరగేస్తే? "కష్టపడి చావు" అనా? "ఎవరూ కాచుకోలేదు" తిరగేస్తే ఎవరో కాచుకుని ఉన్నారు, ఆ ఎవరో నేనేనా? ఇంత పెద్ద విషయంలో కూడా ఆడుకుంటుందా, లేకపోతే నిజంగానే పొమ్మంటుందా? చివర దండం చూశాడు. వాళ్ళ పక్క దండం పెడితే అది సెలవు తీసుకోవడమే.

అక్కడ అతను టైపు చేస్తున్నట్టు నా ఫోన్లో కనబడింది. ఆగిపోయింది. మళ్ళీ కనబడింది, మళ్ళీ ఆగింది. పకపకా నవ్వుతున్నాడు, జవాబుకు తడుముకుంటున్నాడు అనుకుని నేను ఇక్కడ నవ్వుకుంటున్నాను. చివరికి "సరే అండి" అని వచ్చింది. అలిగినట్టు నటిస్తున్నాడనుకున్నాను. ఇంకాస్త ఊదాను. "సరే అంట, సరే! రైలు టికెట్టు నేనే తీసిస్తాలే." బొటనవేలు పైకెత్తిన బొమ్మ వచ్చింది. నాకు అది ఆటలో ఒప్పుకోలు. అతనికి అది ఏడుపు ఆపుకుని పెట్టగలిగిన ఒకే ఒక్క జవాబు. ఫోన్ నొక్కి "నిజంగా పొమ్మంటున్నావా?" అని ఒక్క మాట అడిగుంటే ఏమి పోయేది? నోరు లేదా? గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు. ఆ మెసేజీలన్నీ ఫోటోలు తీసి, అర్థం చెప్పమని అక్కకు పంపాడు. మా ఇద్దరి సరసం తీసుకుపోయి పెద్దావిడ చేతిలో పెట్టాడు! దీన్ని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.

మరుసటి రోజు అక్క నాయనకు ఫోన్ చేసింది. నాయన చెయ్యి రంగులో ఉంది, అందుకని స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు. ఆవిడ నా మెసేజీ పైకి చదవడం మొదలుపెట్టింది. వార్తలు చదివినట్టు, ఒక్క మాట ఎక్కడా లేపకుండా, దించకుండా. "మహా త్యాగమే. మాకోసం అంత కష్టపడొద్దు సామీ. మీ ఊరికే పో." నా మాటలు నాకే గుర్తు పట్టరాలేదు. ఒక్కో మాటకు నేను బిగుసుకుపోతున్నాను. నాయన మాత్రం రంగు చేతులు పైకెత్తి గట్టిగా నవ్వేశాడు. అంత చప్పగా చదివినా ఆయనకు కింద నా గొంతే వినబడింది.

"అమ్మా, నువ్వేం దిగులు పడొద్దు. మా పాప అంతగా తిట్టిందంటే పిల్లోడు బాగ నచ్చినాడని" అన్నాడు.

"నా తమ్ముణ్ణి తిడితే మీకు నవ్వొస్తోందాండీ?" అంది ఆవిడ. "తల్లి లేని పిల్లాణ్ణి పో పో అంటే మీకు నవ్వులాటగా ఉందా? మీ ఇంటిల్లిపాదీ ఇంతేనా? మాకు ఈ సంబంధం వద్దండి, నమస్కారం."

పెట్టేసింది. నాయన నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. "ఏమంటి ఇప్పుడు నేను?" అని నన్ను అడిగాడు. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. దానికే నాకు ఇంకా కాలింది.

వెంటనే అతనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. నా బతుకులో మొదటిసారి, వంకర లేకుండా రాశాను. "పోవద్దు. నువ్వంటే నాకిష్టం. నిజంగా."

"చాలండి. ఇంకా ఎగతాళి ఎందుకు?" అని వచ్చింది.

నేను అరుగు మీద అట్లే కూర్చుండిపోయాను. అన్ని రోజులూ "నిజంగా? అంత తెలివి యాడనుంచి వచ్చిందప్పా నీకు?" అని ఆడించింది నేనే కదా, ఇప్పుడు ఆ మాటలో నిజముందని అతనికి ఎట్లా తెలుస్తుంది? వెనకే ఇంకోటి వచ్చింది. "బదిలీ కాగితం మీద సంతకం పెట్టేశానండి. ఆదివారం మధ్యాహ్నం మీ ఊరి స్టేషన్లోనే రైలు. మీకు శ్రమ లేకుండా టికెట్టు నేనే తీసుకున్నాను."

మీకు శ్రమ లేకుండా! ఇది మర్యాదా, ఎత్తిపొడుపా? మర్యాదైతే అతని మనసులో నా మీద ఏమీ మిగల్లేదు. ఎత్తిపొడుపైతే ఇంకా మంట ఉంది, మంట ఉంటే ఆశ ఉంది. అదే వాక్యం పదిసార్లు పది గొంతుల్లో చదివాను. ఒక్కోసారి ఒక్కో అర్థం వచ్చింది. ఇంటింటా మాటను తిరగేసి మాట్లాడే ఊర్లో పుట్టిన నాకే తెలియలేదు.

ఆదివారం నాయన "నేనూ వస్తా" అన్నాడు. "నువ్వొచ్చి మళ్ళీ నవ్వితే కొంప మునుగుతుంది, ఉండు" అని ఒక్కదాన్నే పోయాను. అతను ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ మర్యాద చూసేసరికి నాకు ఆగలేదు.

"ఏమప్పా, బుద్ధుందా నీకు? పో అని రాస్తే పోతారా ఎవరన్నా? ఫోన్ చేసి అడగడానికి ఏం రోగం? నేను తిట్టింది తీసకపోయి మీ అక్కకు చూపిస్తావా? రేపు పెళ్ళైనంక ఉప్పు ఎక్కువైతే కూడా ఫోటో తీసి పంపిస్తావా?"

స్టేషన్లో జనం తిరిగి చూశారు. చూడనీ. అతను కదలకుండా నా ముఖమే చూస్తున్నాడు. "మీరు నాకు రాసినవన్నీ ఇలాగే అంటారా?" అని మెల్లగా అడిగాడు.

"ఇంకెట్లా అంటారు?"

"ఈ గొంతు నాకు వినబడలేదండీ" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్నాను. నేను వెళ్ళనా?"

నోటి చివరిదాకా వచ్చింది, పోప్పా అని. పళ్ళు బిగబట్టి మింగాను. "పోవద్దు" అన్నాను.

అతను వెంటనే నమ్మలేదు. నా పెదవి చూశాడు, కళ్ళు చూశాడు. ఎక్కడైనా నవ్వు దాచుకున్నానేమో అని వెతికాడు. అట్లా వెతికించుకున్నందుకు చెప్పలేనంత సిగ్గు, చెప్పలేనంత కోపం. చివరికి నమ్మాడు. "కానీ ఇప్పుడు ఆగలేనండి, ఇక్కడ నా చోట్లోకి కొత్త మనిషి వచ్చేశాడు. రేపు అక్కడ చేరాలి. అక్కకి మాత్రం చెబుతాను, ఇదంతా వివరంగా మెసేజ్ పెడతాను" అన్నాడు.

మెసేజ్! ఆ మాటతో నాకు పిచ్చి పట్టింది. "మళ్ళీ మెసేజా? ఇంత జరిగినంక కూడానా? ఫోన్ చెయ్. ఇప్పుడే, ఈడే, నా ముందర చెయ్" అని అరిచాను. అతను నొక్కాడు. అవతల అక్క "చెప్పరా" అనగానే ఫోన్ లాక్కున్నాను.

"అక్కా, నేను. నీ తమ్ముడంటే నాకు ఇష్టం. ఇది ఎగతాళి కాదు, నా గొంతు విని చూడు."

"అయితే పో అని ఎందుకు రాశావమ్మా?" అంది ఆవిడ.

ఎన్ని రోజులుగానో కోపం మూటకట్టుకుని ఉన్నాను. అయినా ఒక్క మాటే బయటికొచ్చింది.

"పోడనుకున్నా అక్కా."

ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "వాడూ అంతేనమ్మా. నువ్వు ఆపుతావనుకుని సంతకం పెట్టాడు" అంది. నేను తిరిగి చూసేసరికి రైలు వచ్చి ఆగింది, ఎక్కక తప్పదు కాబట్టి అతను పెట్టె ఎత్తుకున్నాడు.